1991 రూపాయి, 2013 రూపాయి: మారకపు రేట్లు, చెల్లింపుల సంక్షోభాలపై వ్యాసం రాయడం ఎలా

శ్రీకాకుళంలో ఎం.ఏ. రాజనీతిశాస్త్రం విద్యార్థులకు పాఠం చెబుతాను. అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్రం పేపర్లో ఒక ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది: "స్థిర, చలన మారకపు రేటు విధానాలను చెల్లింపుల సంక్షోభాల నేపథ్యంలో చర్చించండి." స్థిర రేటు ప్రభుత్వం పట్టి ఉంచేది, చలన రేటు మార్కెట్లో కదిలేది. దిగుమతులకూ అప్పులకూ కట్టడానికి విదేశీ డబ్బు చాలకపోతే అది చెల్లింపుల సంక్షోభం. ఇచ్ఛాపురం నుంచి వచ్చే ఒక అమ్మాయి దీని మీద పదకొండు పేజీలు రాసి తెచ్చింది. మొదటి నాలుగు పేజీలూ నిర్వచనాలు. తర్వాత బంగారు ప్రమాణం, బ్రెటన్ వుడ్స్, ఆ తర్వాత లాభాలు ఒక పక్క, నష్టాలు ఒక పక్క పెట్టి ఒక పట్టిక. ఎనిమిదో పేజీ దాకా ఒక్క దేశం పేరు లేదు.

"ఏటి మాస్టారూ, అన్నీ రాసీసేను కదా, ఇంకేటి కావాలి?" అంది.

"అన్నీ ఉన్నాయమ్మా, ప్రశ్నే లేదు" అన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ వ్యాసాన్ని మొదటి నుంచి మళ్ళీ కట్టాం. ఏ వరసలో కట్టామో ఆ వరసలోనే ఇక్కడ చెబుతున్నాను.

మొదటి అడుగు: విషయాన్ని చిక్కుప్రశ్నగా మార్చుకోండి

"స్థిర రేటు మంచిదా, చలన రేటు మంచిదా" అనేది వ్యాసానికి పనికొచ్చే ప్రశ్న కాదు. రెండు పక్కలా నాలుగేసి ముక్కలు చెప్పి చేతులు దులుపుకోవచ్చు. చూడగానే "ఇదెలా సాధ్యం?" అనిపించే విషయం ఒకటి కావాలి. దానికోసం దూరం పోనక్కర్లేదు, మన దేశంలోనే ఉంది.

సరుకులు, సేవలు, ప్రవాసులు పంపే డబ్బు లెక్కలో దేశానికి వచ్చినదాని కంటే పోయినది ఎంత ఎక్కువో అదే కరెంటు ఖాతా లోటు. 1990-91లో భారతదేశపు కరెంటు ఖాతా లోటు స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు 3 శాతం. ఆ ఏడాది తిరిగేసరికి దేశం బంగారాన్ని విమానంలో లండన్‌కు పంపింది. 2012-13లో అదే లోటు 4.8 శాతం. అంటే అంతకంటే చాలా పెద్దది. 2013 వేసవిలో రూపాయి దారుణంగా పడింది, కానీ దేశం ఎవరి దగ్గరా చేయి చాచలేదు, ఏ చెల్లింపూ ఆగే స్థితికి రాలేదు. చిన్న లోటు సంక్షోభం తెచ్చింది, పెద్ద లోటు తేలేదు. ఎందుకు?

వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి. ఒకే దేశం, మధ్యలో మారిన మారకపు రేటు విధానం, రెండు దెబ్బలు. దేశాల మధ్య ఉండే వేల తేడాలు చాలావరకు పక్కకు పోతాయి. పూర్తిగా పోవు. ఆ సంగతి చివర్లో చూద్దాం.

రెండో అడుగు: కాగితం మీది విధానం, చేతల్లోని విధానం

ఇక్కడ చాలామంది జారిపోతారు. "1991 దాకా భారత్‌లో స్థిర మారకపు రేటు ఉండేది, 1993 నుంచి చలన రేటు" అని ఒక్క వాక్యంలో రాసేస్తారు. పేపరు దిద్దేవాడు అక్కడే పెన్ను ఆపుతాడు.

1975 సెప్టెంబరులో రూపాయిని పౌండు నుంచి విడదీసి, మనం వ్యాపారం చేసే ప్రధాన దేశాల కరెన్సీల బుట్టకు ముడిపెట్టారు. రేటును రిజర్వు బ్యాంకు ప్రకటించేది. అయితే అది కదలని రేటు కాదు. 1980లో డాలరుకు దాదాపు 8 రూపాయలున్నది, 1990 నాటికి 17, 18 మధ్యకు చేరింది. అధికారులు మెల్లమెల్లగా దించుతూ వచ్చారన్నమాట. కాబట్టి దాన్ని "ప్రభుత్వం నిర్ణయించే రేటు" అనడం సరైన మాట. రేటు కదిలిందా లేదా అన్నదాని కంటే, ఆ కదలికకు పూచీ ఎవరిదన్నదే మన వ్యాసానికి ముఖ్యం.

2013 రూపాయి కూడా పూర్తిగా స్వేచ్ఛగా తేలలేదు. రిజర్వు బ్యాంకు మధ్యలో డాలర్లు అమ్మింది, కొన్నది. కానీ "ఫలానా అంకె దాటనివ్వం" అని ఎక్కడా మాట ఇవ్వలేదు. ఆ మాట ఉండటం, లేకపోవడం, ఈ రెంటికీ ఉన్న తేడా మీదే వ్యాసం మొత్తం నిలబడుతుంది. ఒక పేరా చాలు దీనికి. కానీ ఆ పేరా లేకపోతే తర్వాత రాసేదంతా పునాది లేని గోడ.

మూడో అడుగు: డాలర్లు ఏ కన్నం నుంచి కారాయో వెతకండి

రిజర్వు బ్యాంకు ఏటా విడుదల చేసే గణాంకాల పుస్తకంలో విదేశీ చెల్లింపుల శేషం పట్టిక ఉంటుంది. దాన్ని పైనుంచి కిందికి చదవకండి. ముందు కింద చూడండి: విదేశీ మారక నిల్వలు ఎంత తగ్గాయి? ఆ తగ్గుదలను పైనున్న ఏ వరస వివరిస్తుందో తర్వాత వెతకండి.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర కొద్ది నెలల్లోనే రెట్టింపయింది. మనవాళ్ళు లక్షకు పైగా కువైట్ నుంచి తిరిగి రావలసి వచ్చింది, వాళ్ళు పంపే డబ్బు ఆగింది. ఇది కరెంటు ఖాతా మీద పడ్డ దెబ్బ. ఎనభైలలో పెరుగుతూ వచ్చిన ప్రభుత్వ లోటు అప్పటికే దాన్ని బలహీనపరిచింది. విద్యార్థులు ఇక్కడితో ఆపేస్తారు. కానీ దేశాన్ని కూలబడేసింది మూలధన ఖాతా, అంటే అప్పులు, డిపాజిట్లు, పెట్టుబడుల రాకపోకల లెక్క. ప్రవాస భారతీయుల డిపాజిట్లు 1990 అక్టోబరు నుంచి వెనక్కి పోవడం మొదలై, 1991 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లోనే 90 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. విదేశీ బ్యాంకులు స్వల్పకాలిక అప్పులను తిరగరాయడం మానేశాయి.

ఇప్పుడు దిగుమతి కాలం లెక్క వేయండి. ఇది వ్యాసంలో తప్పక ఉండాల్సిన లెక్క, వేయడం కూడా తేలిక. అప్పటి దిగుమతులు ఏడాదికి దాదాపు 2,400 కోట్ల డాలర్లు, అంటే నెలకు 200 కోట్లు. 1991 వేసవిలో చేతిలో ఉన్న విదేశీ కరెన్సీ ఇంచుమించు 100 కోట్లు. 100ని 200తో భాగిస్తే అర నెల. "రెండు వారాల దిగుమతులకే డాలర్లు" అని అందరూ రాసే మాట ఈ లెక్క నుంచి వచ్చిందే. మీరే వేసి చూపిస్తే దానికి బరువు వస్తుంది.

ఒక హెచ్చరిక. 1991 మార్చి ఆఖరుకు నిల్వలు 580 కోట్ల డాలర్లని మీకు కొన్నిచోట్ల కనబడుతుంది. అది తప్పు అంకె కాదు, అందులో బంగారం విలువ కూడా కలిసి ఉంది. చమురు ఓడకు బిల్లు కట్టడానికి పనికొచ్చేది విదేశీ కరెన్సీ మాత్రమే. ఏ అంకె వాడుతున్నారో ఆ పక్కనే చెప్పండి. బంగారం విషయంలో కూడా ఇలాంటి గందరగోళమే ఉంది. మేలో స్టేట్ బ్యాంకు ద్వారా స్విస్ బ్యాంకు యూబీఎస్‌కు 20 టన్నులు అమ్మారు, తిరిగి కొనుక్కునే షరతుతో. జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. రెండూ కలిపి "67 టన్నులు తాకట్టు" అని రాయకండి.

నాలుగో అడుగు: ఇచ్చిన మాట నిల్వలను ఎలా తినేసింది

వ్యాసానికి గుండెకాయ ఈ భాగమే. దీనికి ఎక్కువ చోటు ఇవ్వండి.

ఒక ఎగుమతిదారుణ్ణి ఊహించుకోండి. 1991 జూన్‌లో అతనికి అమెరికా నుంచి లక్ష డాలర్లు రావాలి. ప్రభుత్వ రేటు 21 రూపాయలు. ఈ రేటు నిలవదని ఊరంతా అనుకుంటున్నారు. ఇప్పుడే తెప్పించుకుంటే 21 లక్షలు. బిల్లు వసూలును నెల రోజులు సాగదీసి, ఈలోగా రేటు 26 అయితే 26 లక్షలు. రేటు మారకపోయినా పోయేది నెల వడ్డీ తప్ప ఏమీ లేదు. రూపాయి పెరిగే అవకాశం మాత్రం సున్నా. గెలిస్తే అయిదు లక్షలు, ఓడితే చిల్లర. ఎవరైనా ఆగుతారు. దిగుమతిదారుడి లెక్క దీనికి తలకిందులు. అతను రేపు కట్టాల్సింది ఇవాళే కట్టడానికి పరుగెడతాడు. రావలసిన డాలరు ఆలస్యం, పోవలసిన డాలరు తొందర. ఎవరూ చట్టం తప్పలేదు, ఎవరూ సట్టా ఆడలేదు, అయినా ఖజానా ఖాళీ అవుతుంది.

ప్రవాసుల డిపాజిట్ల కథ వేరు. వ్యాసంలో దాన్ని విడిగా చెప్పాలి. విదేశీ కరెన్సీలో పెట్టే ఆ డిపాజిట్ల మారకపు నష్టాన్ని అప్పట్లో రిజర్వు బ్యాంకే భరించేది. కాబట్టి రూపాయి పడిపోతుందన్న భయంతో వాళ్ళు డబ్బు తీసుకోనక్కర్లేదు. వాళ్ళ భయమల్లా, వాళ్ళు అడిగిన రోజున గల్లాపెట్టెలో డాలరు ఉంటుందా అన్నదే. అంటే మొదట ఇచ్చిన మాటను నిలబెట్టడానికి నిల్వలు కరిగాయి, కరిగిన నిల్వలను చూసి డిపాజిట్‌దారులు బెదిరారు, వాళ్ళు వెళ్ళడంతో మిగిలినవి కూడా కరిగాయి.

పుస్తకాల్లో ఉండే అసాధ్య త్రయాన్ని వాడాల్సింది సరిగ్గా ఇక్కడ. స్థిరమైన రేటు, పెట్టుబడుల స్వేచ్ఛ, సొంత వడ్డీ విధానం, ఈ మూడింటిలో ఏ దేశమైనా రెండే ఉంచుకోగలదని మండెల్, ఫ్లెమింగ్‌ల ఆలోచన. త్రికోణం బొమ్మ గీసి వదిలేయకండి, మన కేసుకు అన్వయించండి. భారత్ పెట్టుబడుల స్వేచ్ఛను వదులుకుంది, తలుపులు మూసింది. సిద్ధాంతం ప్రకారం క్షేమంగా ఉండాలి. కానీ మూసిన తలుపులకు రెండు సందులున్నాయి: ప్రవాస డిపాజిట్లు, వాణిజ్య చెల్లింపుల్లో ముందు వెనకలు. డాలర్లు పోయింది ఆ సందుల్లోంచే. సిద్ధాంతం తప్పు కాలేదు, కానీ "మూసిన ఖాతా" అనేది ఎంత మూసి ఉందో ప్రతి కేసులో చూసుకోవాలని తేలింది. ఈ ఒక్క వాక్యం మీ వ్యాసాన్ని గైడు పుస్తకం నుంచి వేరు చేస్తుంది.

అయిదో అడుగు: ఎందుకు ఆలస్యం చేశారు?

ఇక్కడి దాకా రాసినది అర్థశాస్త్రం. మన పేపరు రాజకీయ ఆర్థికశాస్త్రం. రేటు నిలవదని తెలిసినా ఎందుకు దించలేదన్నది రాజకీయ ప్రశ్న.

1966 జూన్ 6న రూపాయిని 4.76 నుంచి 7.50కి దించారు. కొత్తగా ప్రధాని అయిన ఇందిరాగాంధీ సొంత పార్టీలోనే మాటలు పడ్డారు. అప్పటి నుంచి విలువ తగ్గింపు అంటే ఢిల్లీలో పరువు తగ్గింపు అనే భావన పాతుకుపోయింది. 1990 నవంబరులో వి.పి. సింగ్ ప్రభుత్వం పడిపోయింది, తర్వాత వచ్చిన చంద్రశేఖర్ ప్రభుత్వం పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేకపోయింది. ఆ పరిస్థితిలో ఎవరూ దానికి తమ పేరు పెట్టుకోరు. బదులుగా దిగుమతులను బిగించారు. దిగుమతిదారుడు బ్యాంకులో ముందే కట్టాల్సిన నగదు మార్జిన్‌ను 200 శాతం దాకా పెంచారు. అంటే లక్ష రూపాయల సరుకు కోసం రెండు లక్షలు బ్యాంకులో మూలగాలి. డాలరు ధర చేయవలసిన పనిని బ్యాంకు కౌంటరు చేసింది. పెద్ద చేయి ఉన్నవాడు తట్టుకున్నాడు, చిన్న పరిశ్రమ మూతపడింది.

1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రమాణం చేశారు, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రి అయ్యారు. పది రోజులకే, జులై 1న ఒకసారి, 3న మరోసారి రూపాయిని దించారు. రెండూ కలిసి ఇంచుమించు అయిదో వంతు. 21 దగ్గర ఉన్న డాలరు 26 దగ్గరకు వచ్చింది. మొదటి విడతకు వచ్చిన వ్యతిరేకత చూసి ప్రధాని రెండోదాన్ని ఆపాలనుకున్నారనీ, ఆర్థికమంత్రి ఫోన్ చేసేసరికే ప్రకటన వెళ్ళిపోయిందనీ అప్పటి డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్ తర్వాత చెప్పారు. ఈ సంఘటనను వ్యాసంలో అలంకారంగా వాడకండి, సాక్ష్యంగా వాడండి. ప్రభుత్వ రేటు ఉన్నచోట ప్రతి పైసా తగ్గుదలకూ ఒక సంతకం కావాలి, ఆ సంతకానికి రాజకీయ ధర ఉంటుంది, అందుకే అది ఎప్పుడూ ఆలస్యంగా పడుతుంది. 1992 మార్చిలో రెండు రేట్ల పద్ధతి పెట్టి, 1993 మార్చిలో మార్కెట్ రేటుకు మారడంతో ఆ సంతకం అవసరం పోయింది.

ఆరో అడుగు: 1991 పక్కన 2013ను పెట్టి చూడండి

2013 మే 22న అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు బెన్ బెర్నాంకే బాండ్ల కొనుగోళ్ళు తగ్గించే అవకాశం ఉందన్నారు. అమెరికాలో వడ్డీలు పెరుగుతాయని విదేశీ పెట్టుబడులు అటు మళ్ళాయి. అప్పుడు 55 దగ్గర ఉన్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. ఇక్కడ కూడా పారిపోయేవాడి లెక్క వేయండి. ఒక విదేశీ ఫండు 55 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముకుని పోతోంది అనుకుందాం. 55 రేటుకు పోయి ఉంటే కోటి డాలర్లు. 68కి పోతే 81 లక్షల డాలర్లు కూడా రావు. ఆలస్యంగా పరుగెత్తినవాడు నష్టం తనే మూటగట్టుకున్నాడు. పడిన రూపాయి మళ్ళీ పెరగవచ్చు కూడా, అక్టోబరుకు 61, 62 మధ్యకు వచ్చింది. కాబట్టి 1991లోలా ఒకవైపే గెలిచే పందెం కాదిది. నిల్వలు ఖాళీ కాకుండా రేటే దెబ్బ తిన్నది.

అయితే ఆ దెబ్బ ఎవరికీ తగలలేదా? ఇది అడగగానే ఇచ్ఛాపురం అమ్మాయి, "మా మావయ్యకి తగిలింది మాస్టారూ" అంది. వాళ్ళ మావయ్యకు పలాసలో జీడిపప్పు తీసే యూనిట్ ఉంది. స్థానికంగా దొరికే పిక్క చాలదు, ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కను విశాఖ వ్యాపారి దగ్గర డాలరు లెక్కన తీసుకుని, తొంభై రోజులకు డబ్బు కడతాడు. మర్నాడు ఆయన పాత లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. ఆగస్టు పేజీలో మూడుచోట్ల రేటు కొట్టేసి మళ్ళీ రాసి ఉంది. చివరిది ఎర్రసిరాతో, కింద రెండు గీతలు.

ఆ కష్టాన్ని లెక్కగా ఇలా చూపవచ్చు. కంటైనరుకు 16 టన్నులు, టన్ను వెయ్యి డాలర్లు అనుకుందాం. 16 వేల డాలర్లు. 55 రేటుకు 8 లక్షల 80 వేల రూపాయలు, 68 రేటుకు 10 లక్షల 88 వేలు. ఒక్క కంటైనరు మీద రెండు లక్షల పైచిలుకు నష్టం, అదీ సరుకు వాడేసిన తర్వాత. అదే నెలలో ఉద్దానంలో దుబాయ్‌లో వెల్డింగ్ చేసే కొడుకున్న ఇంటికి ఎక్కువ రూపాయలు చేరాయి. దిర్హాం డాలరుకు ముడిపడి ఉంటుంది కాబట్టి డాలరు ఎంత పెరిగితే అదీ అంతే పెరుగుతుంది. పక్కపక్క మండలాల్లో ఒకే రేటు ఒకరికి దెబ్బ, మరొకరికి లాభం. కానీ ఎవరూ ఢిల్లీ వెళ్ళి "నువ్వే దించావు" అని నిలదీయలేరు, ఎందుకంటే అది మార్కెట్ రేటు.

వ్యాసపు వాదన ఇక్కడ తేలుతుంది. దాన్ని మొదటి పేరాలోనే ఇలా రాయించాను: "మారకపు రేటు విధానం నష్టాన్ని తొలగించదు. ఆ నష్టం ఎవరి మీద, ఎప్పుడు, ఎవరి పేరు మీద పడుతుందో మాత్రమే నిర్ణయిస్తుంది. ప్రభుత్వ రేటులో నష్టం నిల్వల్లో దాక్కుని, ఒక్కసారిగా ప్రభుత్వం మీద పడుతుంది. చలన రేటులో అది ఏ రోజుకారోజు వేలమంది లెక్కల పుస్తకాల్లో పడుతుంది." మిగతా పేజీలన్నీ ఈ వాక్యాలకు రుజువులే. రుజువు కాని పేరా ఎంత బాగున్నా తీసేయండి.

ఏడో అడుగు: మీ వాదన ఎక్కడ తెగుతుందో మీరే చూపండి

మొదటి బలహీనత, రెండు సందర్భాల్లో నిల్వలు ఒకటి కావు. 2013 మార్చి ఆఖరుకు నిల్వలు 29,200 కోట్ల డాలర్లు, ఏడు నెలల దిగుమతులకు సరిపడా. 1991 మార్చిలో స్వల్పకాలిక అప్పులు నిల్వల్లో 146 శాతం, 2013లో 33 శాతమే. మరి కాపాడింది చలన రేటా, నిల్వలా? నిజాయితీగా చెప్పాలంటే రెండూ. ఎంతెంత అన్నది రెండు కేసులతో తేల్చలేం. ఆ మాట అలాగే రాయండి, మార్కులు తగ్గవు.

రెండోది, 2013లో చేతులు కట్టుకుని కూర్చోలేదు. బంగారం దిగుమతి సుంకం 10 శాతానికి పెంచారు, స్వల్పకాలిక వడ్డీలు పెంచారు. సెప్టెంబరులో రఘురామ్ రాజన్ గవర్నరుగా వచ్చాక ప్రవాస డిపాజిట్లకు రాయితీ మీద మారకపు నష్టం నుంచి రక్షణ ఇచ్చి, బ్యాంకుల అప్పులతో కలిపి 3,400 కోట్ల డాలర్లు తెచ్చారు. 2013-14లో లోటు 1.7 శాతానికి దిగిందంటే అందులో రేటుతో పాటు ఈ కట్టడికీ వాటా ఉంది. 1991లో దేశాన్ని ముంచిన ప్రవాస డిపాజిట్లే 2013లో నిలబెట్టాయన్నది గమనించదగ్గ సంగతి. ఒక పేరా రాయవచ్చు.

మూడోది శ్రీలంక. అక్కడ డాలరును నెలల తరబడి 200 రూపాయల దగ్గర పట్టి ఉంచారు. 2022 మార్చిలో వదిలేశారు. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించారు. గల్లా ఖాళీ అయ్యాక రేటును వదిలితే అది దెబ్బను కాచుకోదు, నేరుగా బియ్యం, పెట్రోలు ధరల మీద పడుతుంది. కాబట్టి "చలన రేటు సంక్షోభాన్ని ఆపుతుంది" అని కాకుండా, "నిల్వలు ఉండగానే మొదలైన చలన రేటు సంక్షోభం అవకాశాన్ని తగ్గిస్తుంది" అని రాయాలి. వాదన కాస్త చిన్నదైంది, కానీ నిలబడుతుంది.

రాసేటప్పుడు

రెండు వేల మాటల వ్యాసమైతే చిక్కుప్రశ్నకూ వాదనకూ రెండు వందలు, విధానం పేరు తేల్చడానికి నూట యాభై, 1991కి ఎనిమిది వందలు, 2013కి అయిదు వందలు, అభ్యంతరాలకు మిగతావి. నిర్వచనాలకు విడిగా చోటు వద్దు. మాట మొదటిసారి వచ్చినచోటే అర వాక్యంలో చెప్పేయండి. బ్రెటన్ వుడ్స్ గురించి రాయాలన్న ఆత్రం ఉంటుంది, ఈ ప్రశ్నకు దాని అవసరం లేదు.

రాసిన తర్వాత ఒక పరీక్ష చేయండి. ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నకు జవాబు రాయండి: ఇక్కడ డాలరు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది? జవాబు రాని పేరాల్లో విషయం లేనట్టే. ఇచ్ఛాపురం అమ్మాయి మొదటి చిత్తుప్రతిలో ఇలా జవాబు లేనివి తొమ్మిది పేరాలు తేలాయి. రెండోసారి తెచ్చినప్పుడు ఒక్కటే మిగిలింది, అది ముగింపు పేరా. దాన్ని తనే కొట్టేసి, ఆ ఖాళీలో వాళ్ళ మావయ్య కంటైనరు లెక్క రాసింది.